అవుట్‌డోర్ యూనిట్ పక్కనే ఒక స్విచ్చి

విశాఖలో సముద్రం గాలి తగిలే ఒక అపార్ట్‌మెంట్‌లో వాన పడుతుండగా ఏసీ వేస్తే చాలు, ఇంటి మొత్తానికీ ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది. రెండు రోజులు ఎండ కాస్తే అంతా మామూలే. ఇలా ఎండకూ వానకూ మారే లోపం కనబడితే మొదట అనుమానించాల్సింది కంప్రెసర్‌ని కాదు, బయట ఉన్న వైరు జాయింట్లని. ఎలక్ట్రీషియన్ సజ్జ మీదికి దిగి చూస్తే ఇన్‌డోర్ నుంచి వచ్చిన వైరు పొడవు చాలక, యూనిట్ వెనక మెలేసి టేపు చుట్టిన అతుకు బయటపడింది. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. లోపలికి దూరిన ఉప్పు తేమ ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దారి వేసింది. ఆ దారిలో 30 మిల్లీ ఆంపియర్లు కారితే చాలు, ఆర్‌సీసీబీ పడిపోతుంది.

ఆ అతుకును తీసేసి అక్కడే వాన తట్టుకునే ఐసోలేటర్ పెడితే రెండు పనులు ఒకేసారి అవుతాయి. ఒకటి, జాయింటు డబ్బాలోకి వెళ్తుంది. రెండోది ఇంకా ముఖ్యం: సజ్జ మీద పనిచేసే మనిషి కరెంటును తన చేత్తో ఆపి, తాళం వేసుకోగలడు. ఎంసీబీ ఇంట్లో ఎక్కడో ఉంటుంది. ఎవరో తెలియక పైకి ఎత్తేస్తే బయట ఉన్నవాడికి కనబడదు. అలాగని ఐసోలేటర్ ఎంసీబీ పని చేయదు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా అది దానంతట అది పడదు. రెండూ ఉండాల్సిందే.

ఈ ఇంట్లో ఉన్నది 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ. నిండుగా నడిచినప్పుడు సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 20 ఆంపియర్ల ఐసోలేటర్ సరిపోతుంది. తికమక పోల్స్ దగ్గర వస్తుంది. మన ఇళ్లలో చాలావరకు కరెంటు ముందు ఇన్‌డోర్‌కి వచ్చి, అక్కడి నుంచి బయటికి వెళ్తుంది. ఆ కేబుల్‌లో ఫేజు, న్యూట్రల్, ఎర్త్‌తో పాటు రెండు యూనిట్లూ మాట్లాడుకునే సిగ్నల్ వైరు ఉంటుంది. దాన్ని చిన్న వైరే కదా అని పట్టుకోకూడదు, అందులోనూ షాక్ కొట్టేంత వోల్టేజీ ఉండొచ్చు. అందుకని ఇక్కడ మూడు పోల్స్ ఉన్నది తీసుకుని ఫేజు, న్యూట్రల్, సిగ్నల్ మూడింటినీ దాని గుండా పంపారు. ఎర్త్‌ని మాత్రం స్విచ్చితో ఎప్పుడూ తెంచకూడదు, అది నేరుగా సాగాలి. కంపెనీ మూత లోపల అంటించిన వైరింగ్ బొమ్మ వేరేలా చెబితే దాన్నే అనుసరించాలి.

డబ్బాను యూనిట్ పక్క గోడకి, నిలబడి చేయి చాస్తే అందేంత దూరంలో బిగించారు. విప్పే ప్యానెల్ మీద గానీ, వేడిగాలి కొట్టే వైపు గానీ పెట్టకూడదు. ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది కనుక పాలీకార్బొనేట్ డబ్బా, స్టెయిన్‌లెస్ మరలు వాడారు.

ఇక నీళ్ల సంగతి. ఐపీ65 అని రాసి ఉన్న డబ్బా కూడా పైనుంచి రంధ్రం చేసి వైరు దింపితే ఒక్క వానాకాలం ఆగదు. వైర్లన్నీ అడుగునుంచే లోపలికి వెళ్లాలి. ప్రతి వైరుకీ దాని లావుకు సరిపడే గ్లాండ్ ఉండాలి. గ్లాండ్‌లోని రబ్బరు కేబుల్ చుట్టూ ఒక్క తీరుగా అదమాలి. బల్లపరుపు వైరు వేస్తే రెండు పక్కలా సందు మిగిలిపోతుంది, గుండ్రని కేబులే కావాలి. డబ్బాలోకి వెళ్లేముందు వైరును కాస్త కిందికి వేలాడేలా ఒంపు తిప్పితే, దాని వెంట జారే నీరు ఆ ఒంపు దగ్గరే కారిపోతుంది. ఐసోలేటర్ నుంచి యూనిట్ దాకా ఉండే ముక్కకి వంగే పైపు వాడాలి, గట్టి పైపైతే కంప్రెసర్ అదురుకి పగులుతుంది. పోగుల వైరు కొసలకి లగ్గులు నొక్కి, అప్పుడు మరలు బిగించాలి.

పని మొదలుపెట్టేముందు రిమోట్‌తో ఏసీ ఆపి, ఎంసీబీ దించి, కనీసం పది నిమిషాలు ఆగాలి. ఇన్వర్టర్ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు ఆపిన తర్వాత కూడా ఛార్జీ నిలిచి ఉంటుంది. టెస్టర్ బల్బు వెలగలేదని నమ్మకుండా మల్టీమీటర్‌తో ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడాలి. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతిమీదుగా జరగాల్సిన పని. ఇంటివాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది: బయటి ఐసోలేటర్ ఆపినా లోపలి యూనిట్‌కి కరెంటు ఉంటూనే ఉంటుంది. అప్పుడు ఏసీ వేస్తే ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. సర్వీసు మనిషి వెళ్లాక అలాంటి కోడ్ వస్తే మెకానిక్‌కి ఫోన్ చేసేముందు సజ్జ మీది స్విచ్చి తిరిగి ఆన్ చేశారో లేదో చూసుకోండి.

ఒక వేసవి నడిచాక ఎలక్ట్రీషియన్‌తో మూత తీయించి చూడడం మంచిది. మర దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకి తిరిగితే ఆ బిగింపు వదులైనట్టు. కొసను కత్తిరించి కొత్త లగ్గుతో మళ్లీ బిగించాలి. అడుగున తడి మరక ఉంటే ఏదో గ్లాండ్ పట్టు సడలినట్టు.