నీలం గలీబు మీద నారింజ మచ్చ

సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఓ కుర్రాడి బట్టల మూటలోంచి ముదురు నీలం దిండు గలీబు బయటపడింది. చెంప ఆనే చోట నారింజ రంగు మచ్చలు. పసుపనుకుని తల్లి నానబెట్టింది, సబ్బేసి రుద్దింది, ఎండలో ఆరేసింది. మచ్చ పోలేదు. పోదు కూడా, ఎందుకంటే అక్కడ అంటుకున్నదేమీ లేదు. ఉన్న రంగే ఊడిపోయింది.

ఆ పని చేసింది మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్. కొన్ని దేశాల్లో గోధుమపిండిని తెల్లబరచడానికి వాడేదీ ఇదే. చర్మం మీద ఇది చురుకైన ఆక్సిజన్‌ను వదిలి, రంధ్రాల్లో మొటిమలను ఎర్రగా ఉబ్బించే బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు మొండికేసే బ్యాక్టీరియా కూడా దీనికి లొంగుతుంది. బట్ట మీద పడితే అదే ఆక్సిజన్ అద్దకపు రంగును తినేస్తుంది.

మన కుర్రాడు మొదట కొన్నది 5 శాతం జెల్. త్వరగా తగ్గాలని పూటకోసారి ముఖమంతా దట్టంగా పట్టించాడు. వారం తిరిగేసరికి మూతి చుట్టూ పొట్టు లేచి, నీళ్లు తగిలినా మంట. నిజానికి అంత ఘాటు అక్కర్లేదు. 2.5, 5, 10 శాతం జెల్‌లను పోల్చి చూసిన పరిశోధన ఒకటి 1986లో వచ్చింది. ఎర్రటి మొటిమలను తగ్గించడంలో మూడూ దాదాపు ఒకటే. 10 శాతంతో పోలిస్తే 2.5 శాతానికి మంట, పొట్టు తక్కువ. డాక్టరు చెప్పాక అతను 2.5కి దిగాడు. రోజు విడిచి రోజు రాత్రి, శనగగింజంత, ముఖమంతా పలచగా. ఫలితం తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పొడిబారడం మామూలే కానీ, ముఖం వాచినా దద్దుర్లు లేచినా ఆపేయాల్సిందే.

వీపు సంగతి వేరు. అంత మేర జెల్ రాస్తే చొక్కాలన్నీ పాడవుతాయి, చెయ్యీ అందదు. అక్కడ వాష్ నయం. స్నానంలో రాసి, రెండు నుంచి ఐదు నిమిషాలు ఆగి కడగాలి. రాసిన వెంటనే కడిగేసుకుంటే మందు నీళ్లపాలు. చర్మం మీద ఉండే సమయం తక్కువ కాబట్టే వాష్‌లో శాతం కాస్త ఎక్కువున్నా చాలామంది ఓర్చుకుంటారు.

వాష్ అయితే బట్టలకు భయం లేదనుకోవడం పొరపాటు. చెవుల వెనక, మెడ మడతల్లో మిగిలిన చారెడు నురగ చాలు, టవల్ అంచు వెలిసిపోవడానికి. జెల్ ఆరాక పడుకున్నా రాత్రి చెమటకు కొంత దిండుకు దిగుతుంది. రాసిన చేతులు కడుక్కోకపోతే దుప్పటికీ అదే గతి. కనుబొమలకు తగిలితే వెంట్రుకల రంగూ మారొచ్చు.

అందుకే అతని సంచిలో ఇప్పుడు రెండు తెల్ల గలీబులు, ఒక తెల్ల టవల్ ఉన్నాయి. నీలం గలీబు నాన్న బండి తుడవడానికి పోయింది.