జంషెడ్‌పూర్ చలిలో పెరుగు: తోడు ఎంత, వేడి ఎంత?

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రుల సెల్సియస్ దాటుతుంది. జనవరి రాత్రుల్లో అది 10 డిగ్రుల దరిదాపులకు దిగుతుంది. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కోస్తా తీరంలో అలవాటైన తోడు కొలత ఏడాది పొడవునా సరిపోదు.

లీటరు పాలకు వేసవిలో ఒక చిన్న చెంచా, అంటే సుమారు 5 గ్రాముల తోడు చాలు. శీతకాలంలో రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 30 గ్రాములు అవసరమవుతుంది. అయితే తోడు పెంచడం ఒక్కటే చలికి విరుగుడు కాదు.

తోడులోని బాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లత తగినంత పెరిగినప్పుడు కేసీన్ అనే మాంసకృత్తు గట్టిపడి పాలు తోడుకుంటాయి. అనుకూలమైన వేడిలో ఈ బాక్టీరియా అరగంట నుంచి గంట వ్యవధిలో రెట్టింపవుతుంది. అందువల్ల తోడును రెట్టింపు చేస్తే ఆదా అయ్యేది సుమారు ఆ ఒక్క వ్యవధి మాత్రమే. పాలు 20 డిగ్రులకు చల్లారితే మాత్రం ఆలస్యం గంటల్లో ఉంటుంది.

ఉదాహరణకు, జనవరిలో గది ఉష్ణోగ్రత 14 డిగ్రులుగా ఉన్న రాత్రి పది గంటలకు లీటరు పాలు తోడుపెట్టారనుకుందాం. మరగకాచిన పాలను 42 డిగ్రులకు, అంటే వేలు ముంచితే వెచ్చగా తగిలి, చురుక్కుమనని స్థితికి చల్లార్చాలి. తోడును కొద్దిపాటి పాలలో చిలికి కలపాలి. స్టీలు గిన్నెను అలాగే గట్టుమీద వదిలేస్తే ఒకటి రెండు గంటల్లోనే పాలు 30 డిగ్రుల కంటే దిగువకు చల్లారతాయి; తెల్లవారినా పలుచగానే ఉంటాయి. మూతపెట్టి మందపాటి దుప్పటి చుట్టి, పక్కన వేడినీళ్ల సీసా ఉంచితే ఉదయం ఏడు గంటలకు గట్టి పెరుగు సిద్ధమవుతుంది.

మే నెలలో సమస్య ఇందుకు విరుద్ధం. ఒంటి వేడికి మించని పాలు ఐదారు గంటల్లోనే తోడుకుంటాయి. రాత్రి పదింటికి తోడుపెడితే తెల్లవారుజామునే పెరుగై, ఏడు గంటలకు పులిసి నీరు తేరుతుంది. కనుక ఉదయమే తోడుపెట్టి, గట్టిపడిన వెంటనే ఫ్రిజ్‌లో ఉంచడం మేలు.

లోపం ఎక్కడుందో పెరుగే చెబుతుంది. పైన నీరు తేరి పుల్లగా ఉంటే వేడి, తోడు లేదా సమయం ఎక్కువైనట్లు. కమ్మగానే ఉండి పలుచగా ఉంటే వేడి చాలనట్లు. గిన్నెను గోరువెచ్చని నీటిలో మరో రెండు గంటలు ఉంచితే తోడుకుంటుంది. పాలు 55 డిగ్రులకు మించిన వేడిలో ఉండగా తోడు కలిపితే బాక్టీరియా చాలావరకు నశిస్తుంది. అప్పుడు చల్లార్చి మళ్లీ తోడు వేయక తప్పదు. పెరుగు జిగురుగా తీగ సాగుతుంటే దానిని తిరిగి తోడుగా వాడకుండా కొత్త తోడు తెచ్చుకోవాలి.