పదకొండో నిమిషంలో ఏం జరిగింది?

‘పిల్లలు పాఠంలో చురుగ్గా పాల్గొన్నారు. భిన్నాలను పోల్చడం చాలామందికి అర్థమైంది. సమయపాలన ఇంకొంచెం మెరుగుపడాలి.’

బీఈడీ శిక్షణలో ఉన్నవాళ్లూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లూ తమ తరగతి గది వీడియో చూసుకుని మెంటర్‌కు రాసిచ్చే నివేదికలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. కానీ దీన్ని చదివిన మెంటర్‌కు చేయడానికి పనేమీ మిగలదు. ‘సరే, బాగుంది’ అని సంతకం పెట్టాలి, లేకపోతే నలభై నిమిషాల వీడియో మొత్తం కూర్చుని చూడాలి. నాలుగైదు బడులు తిరిగే మెంటర్ ఆ రెండో పని చేస్తారని ఆశించలేం.

పక్కన టైము వేసి రాసే చిన్న నివేదిక ఈ చిక్కు నుంచే పుట్టింది. వీడియోలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గర ఏం జరిగిందో రాస్తారు. మెంటర్ ఆ చోటికే వెళ్లి చూస్తారు. చెప్పడానికి ఇంతే. రాయబోతేనే ఇబ్బంది తెలుస్తుంది. ‘చురుగ్గా పాల్గొన్నారు’ అన్న మాట పక్కన ఏ టైము వేస్తాం? వేయాలంటే ఒక పిల్లవాడు ఒక మాట అన్న క్షణాన్ని వెతికి పట్టుకోవాలి. పట్టుకున్నాక ‘చురుగ్గా’ అన్న మాటతో అవసరం ఉండదు, వాడు అన్న మాటే రాసేయవచ్చు.

ఒక నమూనా చూద్దాం. ఇది ఫలానా బడిలో జరిగిందని కాదు, వివరించడానికి అల్లినది. అయితే ఆరో తరగతికి గణితం చెప్పినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. టీచరు రాసిన నివేదిక ఇదీ:

‘6వ తరగతి, భిన్నాలను పోల్చడం. వీడియో నిడివి 41 నిమిషాలు. ఫోను ముందు వరస పక్కన కిటికీలో పెట్టాను. పాఠం 02:05 దగ్గర మొదలైంది.

05:30–07:10: ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు చూపించాను. ఒకదాన్ని మూడు సమాన భాగాలుగా, రెండోదాన్ని నాలుగు భాగాలుగా మడిచాను. ఎన్ని ముక్కలో పిల్లలు కలిసి చెప్పారు.

11:20–12:05: బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దదని అడిగాను. 11:22 దగ్గర ఒక అబ్బాయి “1/4” అన్నాడు. 11:23 దగ్గర నేను “కాదు, ఇంకెవరు?” అన్నాను. 11:24 దగ్గర అదే అబ్బాయి “నాలుగు పెద్దది కదా టీచర్” అన్నాడు. తరగతిలో నాకది వినపడలేదు. 11:27 దగ్గర ఒక అమ్మాయి “1/3” అంది. “శభాష్” అని, కారణం నేనే చెప్పి, తర్వాతి లెక్కకు వెళ్లాను.

27:40–29:15: వరసల మధ్య తిరిగి 6 నోటుపుస్తకాలు చూశాను. నాలుగింటిలో 1/5 కన్నా 1/8 పెద్దదని రాసి ఉంది. ఇది వీడియోలో కనిపించదు, రెండు పేజీల ఫొటో జత చేశాను.

మిమ్మల్ని అడగాలనుకున్నది: పట్టీలు మడిచి చూపించినా, 11:22 దగ్గర ఆ జవాబు ఎందుకు వచ్చింది?’

ఒక పేజీ కూడా లేదు. మూడు ముక్కలూ కలిపి మెంటర్ చూడాల్సింది సరిగ్గా నాలుగు నిమిషాలు. పాఠం గురించి టీచరు తీర్పు ఎక్కడా ఇవ్వలేదన్నది కూడా గమనించండి. ‘తొందరపడ్డాను’ అనలేదు. 11:22కు జవాబు, 11:23కు ‘కాదు’ అని రాసింది. తొందర ఆ ఒక్క సెకనులోనే ఉంది.

ఆ సెకను విషయం కొత్తదేమీ కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల తొలినాళ్లలో సైన్సు తరగతుల టేపులు విని ఇదే తేల్చారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకనుకు మించి ఆగడం లేదు. పిల్లలు జవాబు చెప్పాకా అంతే, వెంటనే తాము మాట్లాడేస్తున్నారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకో, అంతకన్నా కొంచెం ఎక్కువకో పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయే పిల్లలు తగ్గారు, పిల్లలు తమంతట తాము కారణాలు చెప్పడం మొదలైంది. మన నమూనాలో ఆ అబ్బాయి కారణం చెప్పనే చెప్పాడు. టీచరు మాట అడ్డొచ్చిందంతే.

ఇప్పుడు మెంటర్ ఏం చేస్తారో చూద్దాం. 11:20 ముక్క చూసి, ‘ఆగాల్సింది, ఎందుకని అడగాల్సింది’ అని చెప్పడం సులువే. మంచి మెంటర్ అక్కడితో ఆగకుండా 05:30కు వెళ్తారు. టీచరు బాగా జరిగిందనుకున్న భాగం అది. పట్టీలు మడిచిన ఆ వంద సెకన్లలోనూ ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఎన్ని ముక్కలు?’ పిల్లలు ‘మూడు’ అన్నారు, తర్వాత ‘నాలుగు’ అన్నారు. ఏ ముక్క పెద్దదో ఎవరూ అడగలేదు, రెండు పట్టీలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడలేదు. అంటే పిల్లల చూపంతా ముక్కల లెక్క మీదే నిలిచింది. నాలుగు ముక్కలు మూడు ముక్కలకన్నా ఎక్కువే కదా! 11:22 నాటి తప్పు జవాబుకు బీజం అంతకు ఆరు నిమిషాల ముందే, టీచరు చేతిలోని పట్టీల దగ్గరే పడింది. ‘భావన బాగా అర్థమైంది’ అని రాసిన నివేదిక మెంటర్‌ను ఇక్కడికి తీసుకురాలేదు.

చర్చలో తేలిన పని కూడా చిన్నదే. మరుసటి పీరియడులో అవే పట్టీలు. ఈసారి ఒక్కోదానిలో ఒక్క భాగానికే రంగు వేసి, కింద ఒకటి పైన ఒకటి పెట్టాలి. ఏది పెద్దదని అడిగి మూడు సెకన్లు ఆగాలి. జవాబు తప్పయినా ఒప్పయినా ‘ఎలా చెప్పావురా?’ అని అడగాలి. తర్వాతి వీడియో ఆ పది నిమిషాలు తీస్తే చాలు.

ఇలాంటి నివేదిక రాయడానికి వీడియోను ఎలా చూడాలి? మొదటిసారి ఆపకుండా చూడటం మంచిది. కాగితం మీద టైములు మాత్రమే గీసుకోవాలి, వ్యాఖ్యలు వద్దు. తమ గొంతూ, నడకా, చీర కొంగూ చూసుకుని సిగ్గుపడటంతోనే చాలామందికి మొదటి పది నిమిషాలు గడిచిపోతాయి, అది మామూలే. రెండోసారి గీసుకున్న చోట్లకే వెళ్లి రెండో మూడో ముక్కలు ఎంచుకోవాలి. మూడోసారి వాటిలోని మాటలను అన్నవి అన్నట్టు రాసుకోవాలి. ఈ మూడోదే అసలు పని. పిల్లవాడు ‘నాలుగు పెద్దది కదా టీచర్’ అంటే, దాన్ని ‘హారం పెద్దదైతే భిన్నం పెద్దదని పొరబడ్డాడు’ అని మార్చి రాయకూడదు. అది టీచరు చేసిన వ్యాఖ్యానం. మెంటర్‌కు కావాల్సింది పిల్లవాడి మాట.

నలభై నిమిషాల వీడియోను ఇలా చూడాలంటే సాయంత్రం గంటన్నర పైనే పడుతుంది. ప్రతి వారం ఇది కుదరదు, కుదురుతుందని చెప్పేవాళ్లు తరగతులు చెప్పడం మానేసి చాలా రోజులై ఉంటుంది. అందుకే ముందే ఒక పావుగంట ఎంచుకుని అంతవరకే తీయడం నయం. మూడు సెకన్లకోసారి తరగతిలో ఎవరు ఏం మాట్లాడుతున్నారో అంకె వేసుకుంటూ పోయే నెడ్ ఫ్లాండర్స్ పద్ధతి బీఈడీ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది పరిశోధకుల కోసం. టీచరుకు అంత లెక్క అక్కర్లేదు.

టైముల విషయంలో తరచూ జరిగే పొరపాట్లున్నాయి. గోడ గడియారం చూసి ‘10:50’ అని రాస్తారు. వీడియోలో ఆ చోటు ఎక్కడుందో మెంటర్‌కు తెలియదు. ఎప్పుడూ వీడియో టైమరే రాయాలి, పాఠం ఎక్కడ మొదలైందో పైన చెప్పాలి. వీడియో రెండు ఫైళ్లుగా ఉంటే రెండోదాని టైమరు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే ‘ఫైలు 2, 03:15’ అని రాయాలి. కొందరు మొదలు మాత్రమే రాసి ముగింపు వదిలేస్తారు. ఎక్కడ ఆపాలో తెలియక మెంటర్ చూస్తూనే ఉంటారు. ఇంకొందరు ఇరవై టైములు వేస్తారు. ఇరవై టైములంటే ఏదీ ఎంచుకోనట్టే.

ఫోను ఎక్కడ పెట్టామన్నది కూడా రాయాల్సిందే. వెనక గోడ దగ్గర పెడితే టీచరు మొహం, పిల్లల వీపులు, ఫ్యాను రొద వస్తాయి. 11:24 నాటి మాట అందులో దొరకదు. ముందు వరస పక్కన, పిల్లల వైపు తిప్పి పెడితే పిల్లలు వినపడతారు. చివరి బెంచీలు మాత్రం అప్పుడూ సరిగా వినపడవు. వీడియోలో లేదు కాబట్టి జరగలేదని అనుకోకూడదు. నోటుపుస్తకాల ఫొటో జత చేయడం అందుకే.

పిల్లల పేర్లు నివేదికలో ఉండకూడదు. ‘మూడో వరస అబ్బాయి’ అంటే చాలు. హెడ్మాస్టరుకూ తల్లిదండ్రులకూ ముందే చెప్పి, ఒప్పుకున్నాకే వీడియో తీయాలి. తీసింది వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదు. పిల్లలకోసమే కాదు, టీచరు కోసం కూడా. ఈ కాగితం తనిఖీ ఫైలులోకి వెళ్తుందని ఒక్కసారి అనుమానం వచ్చిందంటే, ఏ టీచరూ 11:23 గురించి రాయరు. మళ్లీ ‘చురుగ్గా పాల్గొన్నారు’ అనే రాస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కాబట్టి మెంటర్లకు, వాళ్లపై అధికారులకు ఒక విన్నపం: ఈ నివేదికకు మార్కులు వేయకండి, సర్వీసు రికార్డుకు జత చేయకండి. చర్చ అయ్యాక వీడియో తీసేసి, కాగితాన్ని టీచరుకే తిరిగి ఇచ్చేయండి. వచ్చే ఏడాది ఆరో తరగతికి భిన్నాలు చెప్పేముందు చూసుకోవడానికి అది ఆమె దగ్గరే ఉండాలి.