సంగీత్‌లో శృతి తప్పాడు, ఇప్పుడేమందాం?

పెళ్లికి ముందురోజు సంగీత్ పెట్టుకోవడం తెలుగిళ్లలో ఈమధ్య మామూలైపోయింది. ఇదివరకు పెళ్లిలో సంగీతమంటే సన్నాయి మేళం, పాటలొచ్చిన పేరంటాళ్లు. ఇప్పుడు పెళ్లికొడుకు స్నేహితులు కూడా మైకు పట్టుకుంటున్నారు, మేనత్తలూ బావమరుదులూ వరస కట్టి స్టెప్పులేస్తున్నారు. వాళ్లలో ఒకడు ఘోరంగా పాడతాడు. పాట అయ్యాక భోజనాల బల్ల దగ్గర నలుగురు స్నేహితులూ వాడి చుట్టూ చేరతారు. అక్కడ పడే మొదటి మాటతో వాడు వచ్చే పెళ్లిలో మళ్లీ మైకు పట్టుకుంటాడా, లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఆ మాట ఎలా ఉండాలో తెలియాలంటే వాడి పాట ఎక్కడ చెడిందో ముందు తెలియాలి.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాట ఒకటి ఎంచుకున్న కుర్రాణ్ని తీసుకుందాం. స్నానాల గదిలో అదే పాట వాడు బాగానే పాడతాడు. అక్కడ ట్రాకు ఉండదు కాబట్టి తన గొంతుకు హాయిగా ఉన్న శృతిలో మొదలుపెడతాడు. వేదిక మీద కరోకె ట్రాకు సినిమాలో ఉన్న శృతిలోనే వస్తుంది. పల్లవి ఎలాగో గట్టెక్కుతుంది. చరణం తారస్థాయికి ఎక్కేసరికి వాడికి రెండే దారులు: గొంతు చించుకుని పైకి పోవడం, లేదా ఒక స్థాయి కిందకి దిగి పాడుకోవడం. దిగిపోతే పాట చప్పగా ఉంటుందేమో గానీ తప్పుగా ఉండదు. వాడు మాత్రం రెంటికీ మధ్యలో ఆగిపోతాడు. జనం ఉలిక్కిపడేది సరిగ్గా ఆ చోటే. దీనికి తోడు ఫంక్షన్ హాల్లో స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి. పాడేవాడి వైపు ఒక్క మానిటరూ లేకపోతే వాడికి తన గొంతే సరిగ్గా వినపడదు. సౌండు ఆపరేటరు ఎకో పెంచితే అదీ పోతుంది.

మరి తప్పుతున్నట్టు వాడికి తెలుసా? చాలామందికి తెలుస్తుంది. 2012లో మాంట్రియల్ పరిశోధకులు షాన్ హచిన్స్, ఇసబెల్ పెరెట్జ్ ఒక ప్రయోగం చేశారు. సంగీతం నేర్చుకోని వాళ్లకు ఒక స్వరం వినిపించి, దాన్ని గొంతుతో పట్టుకోమన్నారు. తర్వాత వేలితో జరిపితే స్వరం పెరిగి తగ్గే చిన్న పరికరం ఇచ్చి, దాంతో పట్టుకోమన్నారు. గొంతుతో తప్పినవాళ్లలో చాలామంది వేలితో చక్కగా పట్టుకున్నారు. అంటే చెవి బాగానే ఉంది, గొంతే మాట వినలేదు. స్వరాల తేడా పుట్టుకతోనే పట్టలేని వాళ్లు ఉన్నారు గానీ, పెరెట్జ్ బృందం 2017లో వేసిన లెక్క ప్రకారం వాళ్లు నూటికి ఒకటిన్నర మందే.

ఆటపట్టించేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. చరణం దగ్గర ఏం జరిగిందో ఆ కుర్రాడు అందరికంటే ముందే విన్నాడు. వాడికి కొత్తగా చెప్పాల్సిన వార్తేమీ లేదు. “నీకు పాట రాదురా” అంటే వాడు అప్పటికే మోస్తున్న బరువు మీద ఇంకో రాయి వేసినట్టే. “ఒరేయ్, చరణంలో నువ్వు పైకెక్కుతుంటే మేమంతా కుర్చీలు గట్టిగా పట్టుకున్నాం. నువ్వు దిగాకే వదిలాం” అన్నప్పుడు సంగతి వేరు. అందులో పాటలోని ఫలానా చోటు ఉంది, మేం నీతోపాటే ఉన్నామన్న మాటా ఉంది. వాడు నవ్వుతాడు, ఎందుకంటే ఆ క్షణం నిజంగా అలాగే గడిచింది. గొంతు పుట్టుకతో వచ్చింది. పైస్థాయిలో ఇరుక్కోవడం ఆ ఒక్క సాయంత్రం జరిగింది. హాస్యం ఆ సాయంత్రాన్ని పట్టుకుని ఉండాలి.

డాన్సుకూ ఇదే వర్తిస్తుంది. స్టెప్పులు గుర్తులేని మనిషి పక్కవాణ్ని చూసి వేస్తాడు. కన్ను చూసి కాలు కదిలేసరికి పావు సెకను దాకా పోతుంది. నిమిషానికి 150 దెబ్బలు పడే హుషారు పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేదే 0.4 సెకను. అందుకే వాడు పాట పొడుగునా అర దెబ్బ వెనకబడి, చివరికి అందరూ ఎడమకి వెళ్తుంటే తను కుడికి తిరుగుతాడు. “అందరూ అటు పోయారు, నువ్వొక్కడివే ఇటొచ్చావు కాబట్టి ఈ పక్కనున్న కెమెరావాడికి పని దొరికింది” అంటే అది స్టెప్పు మీద మాట. “ఆ ఒంటితో డాన్సెందుకురా” అంటే ఒంటి మీద మాట. రెండోదానికి కూడా బల్ల చుట్టూ నవ్వు వస్తుంది, అందుకే దాన్ని గట్టిగా వద్దనాలి. లావు, రంగు, పొట్టి, నత్తి వంటివి హాస్యానికి సరుకు కావు.

“సరదాకి అన్నాను, వాడికి తెలుసులే” అనుకోవడం ఇంకో పొరపాటు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, మరో ఇద్దరు పరిశోధకులు 2006లో దీన్నే పరీక్షించారు. ఆటపట్టించేవాడికి తన మనసులోని చనువు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, అది ఎదుటివాడికీ కనిపిస్తుందని నమ్ముతాడు. ఎదుటివాడికి మాత్రం వినపడేది మాటే. అందుచేత చనువు మనసులో ఉంటే చాలదు, మాటలోనే కనపడాలి. పక్కన కూర్చోబెట్టుకోవడం, ముందు వాడికి విస్తట్లో గారె వేయించడం, అసలు వేదిక ఎక్కినందుకు ఒక మంచిమాట అని ఆ తర్వాత మొదలుపెట్టడం — ఇవన్నీ ఆ మాటలో భాగమే.

ఈ విద్య తెలుగు పెళ్లికి కొత్తది కాదు. వియ్యంకుల్నీ వియ్యపురాళ్లనీ వేళాకోళం చేస్తూ ఆడవాళ్లు పాడే పాటలు తరతరాలుగా ఉన్నాయి. ఆ పాటల్లో ఒక మర్యాద ఉంది: ఒకవైపు వాళ్లు పాడితే రెండోవైపు వాళ్లు జవాబు పాడతారు. ఆ వంతు ఉంది కాబట్టే ఆ వేళాకోళం చెల్లింది. స్నేహితుడికి కూడా ఆ వంతు ఇవ్వాలి. “నువ్వు మైకు దగ్గరకైనా రాలేదుగా, కాజాల పళ్లెం దగ్గరే కాపలా కాశావు” అని వాడు తిప్పికొడితే అందరికంటే గట్టిగా నవ్వాల్సింది మొదట అన్నవాడే.

చోటు కూడా చూసుకోవాలి. కొత్త అత్తవారు, ఆఫీసు పైఅధికారి, పెళ్లిచూపులకొచ్చిన వాళ్లు వినే దూరంలో ఉంటే ఏ మాటైనా ఆపుకోవడమే మంచిది. వాట్సాప్ సంగతి ఇంకా జాగ్రత్త. బల్ల దగ్గరి మాట ఆ రాత్రితో పోతుంది. కుటుంబం గ్రూపులో పెట్టిన వీడియోకి తెల్లారి మరో ఊళ్లోని పెద్దనాన్న ఏడుపు బొమ్మ పెడతారు, ఎవరికీ జవాబు చెప్పుకునే వీలు వాడికి ఉండదు. వాడే పెడితే సరే. అడక్కుండా మనం పెట్టకూడదు.

మాట తప్పు చోట తగిలితే గుర్తులు కనిపిస్తాయి. నవ్వు అందరికంటే ఆలస్యంగా వస్తుంది, చూపు పళ్లెంలోకి దిగుతుంది, “గొంతు బాగోలేదు, జలుబు” అని అడక్కుండానే సంజాయిషీ మొదలవుతుంది. అప్పుడు రెండో జోకు వెయ్యకూడదు. “జోకేశాన్రా, అంత పట్టించుకుంటావేంటి” అంటే తప్పు వాడి మీదకే తోసినట్టు. చేతులు కడుక్కునే దగ్గర పక్కకు పిలిచి “అలా అనకుండా ఉండాల్సింది” అని ఒక్క మాట అంటే సరిపోతుంది.

రిసెప్షన్‌కి ఇంకా రెండు రోజులుంటే స్నేహితులు చెయ్యగలిగిన పని మరొకటి ఉంది. చాలా కరోకె యాప్‌లలో ట్రాకు శృతి తగ్గించే మీట ఉంటుంది. వాణ్ని ముందు చరణంలోని అన్నిటికంటే పై మాట పాడమని, అది హాయిగా వచ్చేదాకా ఒక్కో మెట్టూ దించాలి. రెండు మూడు మెట్లు దిగితే చాలామందికి పాట అందుతుంది. మరీ కిందకి పోతే పల్లవిలో కింది స్వరాలు గొణుగుడైపోతాయి కాబట్టి రెండు కొసలూ పాడించి చూడాలి. వేదిక మీద ఒక స్పీకరును వాడి వైపు తిప్పమని సౌండు ఆపరేటరుకి చెప్పే బాధ్యత, కుర్చీలు పట్టుకున్నామని ఏడిపించిన స్నేహితుడే తీసుకోవాలి.