నాలుగడుగుల బాత్రూంకి ఏ టైల్?

ఈ ఫొటోలో ఉన్నది పాత అపార్ట్‌మెంట్లలో తరచూ కనిపించే బాత్రూం. తలుపు దగ్గర నిలబడి ఫోన్‌తో తీశారు కాబట్టి ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తోంది. అసలు కొలత మాత్రం పాత టైల్సే చెబుతాయి. ఎదురు గోడకి అడ్డంగా 12 అంగుళాల టైల్స్ నాలుగు ఉన్నాయి, అంటే వెడల్పు నాలుగడుగులు. పక్క గోడకి ఏడు. ఒకవైపు ట్యూబ్‌లైటు, పైన చిన్న వెంటిలేటర్, మూలన నీళ్లు పోయే జాలీ.

చిన్న గదికి పెద్ద టైల్ వేస్తే విశాలంగా ఉంటుందని షాపుల్లో చెబుతారు. గోడకైతే అది నిజమే. నేల సంగతి వేరు. నీళ్లు మూలకి చేరాలంటే నేల రెండు వైపులా వాలాలి. రెండడుగుల చదరపు టైల్ వంగదు. దాన్ని ఐమూలగా కోయాలి, లేదంటే ఒక అంచు లేచి దాని వెనక నీళ్లు నిలుస్తాయి. అడుగు టైల్ అయితే ప్రతి జాయింటు దగ్గరా మేస్త్రీ కొంచెం కొంచెంగా వాలు తిప్పగలడు. ఏడడుగుల పొడవుకి సుమారు అంగుళం వాలు చాలు. గ్రౌట్ నింపకముందే బకెట్ నీళ్లు పోసి చూస్తే మడుగు ఎక్కడ కడుతుందో తెలిసిపోతుంది.

కాబట్టి ఇక్కడ నేలకి అడుగు టైల్, జారని మ్యాట్ రకం. గోడలకి 1×2 అడుగుల టైల్ అడ్డంగా పెడితే ఎదురు గోడకి సరిగ్గా రెండు పడతాయి. పక్క గోడకి మూడున్నర. ఆ సగం ముక్క తలుపు వైపు మూలకి వెళ్లాలి, లోపలికి రాగానే కంటికి తగలదు. టైల్ మందంతో కొలత తగ్గుతుంది కాబట్టి ప్లాస్టరింగ్ అయ్యాకే మళ్లీ టేపు పెట్టాలి.

రంగు విషయంలో నీళ్లనే ముందు అడగాలి. బోరు నీళ్ల ఇళ్లలో నల్ల టైల్ ఆరగానే తెల్లటి ఉప్పు చారలు తేలతాయి. తెల్ల నేల మీద వెంట్రుకా మట్టీ దాగవు. ఈ గదికి గోడలు లేత క్రీమ్, నేల అదే ఛాయలో కాస్త ముదురు ఇసుక రంగు నప్పుతాయి. నడుమ ముదురు హైలైటర్ పట్టీ వద్దు, అది గోడను రెండుగా కోసి పైకప్పును కిందికి దించుతుంది. గ్రౌట్ కూడా టైల్ రంగులోనే ఉంటే గళ్లు కనిపించవు. షాపు దీపాల కింద క్రీమ్‌గా ఉన్నది ట్యూబ్‌లైటు కింద పాలిపోవచ్చు, అందుకే ఒక టైల్ ఇంటికి తెచ్చి అక్కడే తడిపి చూడాలి.

లెక్క: నేల 28 చదరపుటడుగులు. గోడలు ఏడడుగుల ఎత్తు వరకు, తలుపు తీసేస్తే దాదాపు 137, అంటే 69 టైల్స్. కోతలకీ పగుళ్లకీ పదోవంతు కలిపి 76 తీసుకోవాలి. అన్ని బాక్సుల మీదా షేడ్ నంబర్ ఒకటే ఉందో లేదో దింపుకునేటప్పుడే చూడాలి. రేపు గోడలో పైపు లీకై నాలుగు టైల్స్ పగలగొట్టాల్సి వస్తే ఆ ఛాయ మళ్లీ దొరకడం కష్టం, మిగిలినవి అటక మీద ఉంచుకోవాలి.