కొట్టేసిన ధర చేసే పని

ఒక వస్తువు విలువ ఎంతో తెలియనప్పుడు మనసు మొదట కంటపడిన అంకెను పట్టుకుని లెక్క మొదలుపెడుతుంది. అక్కడి నుంచి పైకో కిందికో జరుగుతుంది గానీ, జరగాల్సినంత దూరం జరగదు. ప్రవర్తనా అర్థశాస్త్రంలో దీన్ని యాంకరింగ్ అంటారు.

ఆమోస్ ట్వెర్‌స్కీ, డానియెల్ కానెమన్ 1974లో ప్రచురించిన ప్రయోగం దీనికి ప్రసిద్ధమైన ఆధారం. 10 లేదా 65 దగ్గరే ఆగేలా అమర్చిన ఒక చక్రాన్ని తిప్పి, ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆఫ్రికా దేశాలు ఆ అంకె కన్నా ఎక్కువ శాతమా, తక్కువ శాతమా అని ముందుగా అడిగారు. తర్వాత అసలు శాతాన్ని అంచనా వేయమన్నారు. 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25, 65 చూసినవారిది 45. చక్రానికీ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు.

దుకాణంలో ఆ చక్రం పని చేసేది కొట్టేసిన ధర. చొక్కా చీటీ మీద రూ.1,999 కొట్టేసి రూ.999 అని రాసి ఉందనుకుందాం. గుడ్డకూ కుట్టుకూ ఎంతవుతుందో కొనేవారికి తెలియదు. ఒక్క 999 మాత్రమే ఉంటే పక్క చొక్కా ధరతో పోల్చి చూసేవారు. పైన 1,999 కనబడగానే ఆ పోలిక పక్కకు పోయి, వెయ్యి రూపాయలు మిగిలాయన్న లెక్క వస్తుంది. దుకాణం మొదటినుంచీ 999కే అమ్మాలనుకున్నా ఈ లెక్క మారదు. చీరల కొట్టులో ముందుగా పన్నెండు వేల చీరలు పరిచి, తర్వాత ఆరు వేలవి తీయడమూ ఇదే పద్ధతి. ఎక్కడా ధర కొట్టేయకుండానే ఆరు వేలు తేలికగా కనిపిస్తాయి.

భారత్‌లో ప్యాకెట్ల మీద ముద్రించే ఎమ్మార్పీ వినియోగదారుడి రక్షణకు పెట్టిన గరిష్ఠ ధర. దాన్ని మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మవచ్చు. ఆ అంకెను నిర్ణయించేది మాత్రం చాలా వస్తువుల విషయంలో తయారీదారే. అందువల్ల ఎమ్మార్పీ ఎంత ఎత్తున ఉంటే డిస్కౌంట్ అంత పెద్దదిగా కనిపిస్తుంది. రక్షణకు వచ్చిన నిబంధనే అమ్మేవారికి అక్కరకొచ్చిందన్నమాట.

ఈ ఎత్తుగడను వదులుకోవడం కూడా తేలిక కాదు. అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాలు 2012లో కూపన్లనూ తరచూ ప్రకటించే తగ్గింపులనూ మానేసి, మొదటినుంచే తక్కువ ధరలు పెట్టాయి. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు పావు వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో సంస్థ అధిపతి రాన్ జాన్సన్ వైదొలగారు, కూపన్లు తిరిగొచ్చాయి. పతనానికి ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, పోల్చుకునే పాత ధర లేకపోవడం వాటిలో ముఖ్యమైనది.

రోజూ కొనే పాల ప్యాకెట్ దగ్గర యాంకరింగ్ పెద్దగా పనిచేయదు, ధర అందరికీ కంఠతా ఉంటుంది కాబట్టి. అరుదుగా కొనే బట్టలు, పరుపులు, టీవీల దగ్గరే దాని బలం. అందుకే యూరోపియన్ యూనియన్ 2022 నుంచి ఒక నిబంధన అమలు చేస్తోంది: తగ్గింపు ప్రకటించే దుకాణం పాత ధరగా, సాధారణంగా, అంతకు ముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధరనే చూపాలి.