‘నీకు కమిట్‌మెంట్ లేదు’ అని మేనేజర్ అంటున్నారా..? ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఉద్యోగులు ఈ విషయాలు తెలుసుకోండి!

సాయంత్రం ఆరున్నరకి బ్యాగ్ సర్దుకుంటే చాలు.. ‘అప్పుడే వెళ్లిపోతున్నారా?’ అనే ప్రశ్న. నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్లాలని పర్మిషన్ అడిగితే ‘మీ ఫోకస్ తగ్గింది’ అనే మాట. చాలామంది దీన్ని మౌనంగా భరిస్తారు. చివరికి అప్రైజల్‌లో రేటింగ్ పడిపోయాక కంగారు పడతారు. మరి అంతవరకు రాకుండా ఏం చేయాలి? చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది? ఇప్పుడు చూద్దాం.

పసిబిడ్డ ఉంటే చట్టం ఉంది

మెటర్నిటీ లీవ్ తర్వాత డ్యూటీలో చేరిన తల్లికి, బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు బ్రేకులు ఇవ్వాలి. ఇవి మామూలు విరామానికి అదనం. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ సదుపాయం తప్పనిసరి. విరామంతో కలిపి రోజుకి నాలుగుసార్లు తల్లి అక్కడికి వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. ఆమె మెటర్నిటీ లీవ్‌లో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం, ఆ సమయంలో సర్వీస్ కండిషన్లను ఆమెకి నష్టం కలిగేలా మార్చడం చట్టవిరుద్ధం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోని ఈ రక్షణలు, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి.

అయితే ఒక చిక్కుంది. బ్రేక్ ఇవ్వకపోతే ఫిర్యాదు చేయొచ్చు. కానీ బ్రేక్ ఇచ్చి, ‘సీట్లో కనిపించడం లేదు’ అని రేటింగ్ తగ్గిస్తే ఆ లింకు నిరూపించడం కష్టం. అందుకే బ్రేక్ టైమింగ్స్‌ని చేరిన మొదటి వారంలోనే హెచ్ఆర్‌కి మెయిల్ చేసి పెట్టుకోవాలి.

అమ్మానాన్నల విషయంలో..

ప్రైవేట్ ఉద్యోగులకి తల్లిదండ్రుల సంరక్షణ కోసమే అంటూ కేంద్ర చట్టంలో ప్రత్యేక సెలవు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవుని ఇందుకు వాడుకోవచ్చని 2025 జులైలో ప్రభుత్వం రాజ్యసభలో చెప్పింది. అది కూడా అందరికీ ఉండే మామూలు సెలవే, కొత్తది కాదు. కాబట్టి ఇక్కడ మీరు ముందుగా రాసిపెట్టుకున్న కాగితమే అండ.

ఒక ఉదాహరణ చూద్దాం

హైదరాబాద్‌లో ఒక ఉద్యోగి ఉన్నారనుకుందాం. తండ్రికి మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. ఉదయం 6 గంటల స్లాట్. మిషన్ మీద నాలుగు గంటలు, ఆ తర్వాత నీరసం, ఇల్లు చేరేసరికి పదకొండు. ఆఫీసు 9:30కి. శనివారం ఎలాగూ సెలవు. అంటే అసలు సమస్య వారానికి రెండు ఉదయాలు మాత్రమే.

ఆయన ప్రతిసారీ ఫోన్ చేసి ‘ఇంట్లో ప్రాబ్లమ్ సార్, లేటవుతుంది’ అంటే ఏమవుతుంది? మేనేజర్‌కి అది రెండు రోజుల సంగతిగా కాదు, ఎప్పుడూ లేటొచ్చే మనిషిగా గుర్తుండిపోతుంది. అదే ఇలా మెయిల్ పెడితే లెక్క మారుతుంది:

‘మా నాన్నగారి డయాలసిస్ వల్ల మంగళ, గురువారాల్లో 9:30 – 6:30 బదులు 12 – 9 పని చేస్తాను. పని గంటలు తగ్గవు. ఆ ఉదయాల్లో అర్జెంట్ అయితే ఫోన్‌లో అందుబాటులో ఉంటాను. మూడు నెలలు చూసి మళ్లీ మాట్లాడదాం.’

ఇందులో జాలి కోసం అడిగిందేమీ లేదు. ఏ రోజు, ఎన్ని గంటలు, బదులుగా ఏంటి అన్నది స్పష్టంగా ఉంది. మేనేజర్ నోటిమాటగా ఓకే అంటే, ‘ఈరోజు మాట్లాడుకున్నట్టుగా..’ అని అదే రోజు మరో మెయిల్ పెట్టాలి. రేపు మేనేజర్ మారినా ఆ ఒప్పందానికి రుజువు ఉంటుంది.

‘కమిట్‌మెంట్’ అనే మాట వస్తే..

వాదనకి దిగొద్దు. ‘ఏ పని ఆగింది సార్? ఏ తేదీన?’ అని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. నిజంగా పని ఆగి ఉంటే తేదీతో సహా చెబుతారు, దాన్ని సరిదిద్దుకోవచ్చు. ఏ ఉదాహరణా చెప్పలేకపోతే అభ్యంతరం పని మీద కాదని, మీరు కనిపించే గంటల మీదని అర్థం. పూర్తి చేసిన పనుల జాబితాని నెలనెలా మెయిల్ చేస్తూ ఉంటే అప్రైజల్‌లో అదే మీ తరఫున మాట్లాడుతుంది.

ఒత్తిడి పెరిగి ‘మీరే రిజైన్ చేస్తే మంచిది’ అన్నారా? అక్కడికక్కడే ‘వ్యక్తిగత కారణాలతో’ అని రాసి ఇచ్చేయకండి. తర్వాత అది మీరే ఇష్టపడి వెళ్లినట్టు అవుతుంది. రెండు రోజులు టైమ్ అడిగి, ఆ మాట ఎవరన్నారో, ఎప్పుడన్నారో హెచ్ఆర్‌కి రాయండి. మెటర్నిటీ లీవ్‌లో ఉండగా తొలగిస్తే, ఆర్డర్ అందిన 60 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవాలి. ఈ గడువు మాత్రం అస్సలు దాటనివ్వొద్దు.